ఐదవ పాఠం: రుణ మంజూరు థ్రెషోల్డ్ లెక్కలో ఒకే నష్టం రెండుసార్లు దూరితే

డిఫాల్ట్ సంభావ్యత ఏ హద్దు దాటితే రుణ దరఖాస్తును తిరస్కరించాలో కనుక్కోమని క్రిందటి పాఠం చివర ఇచ్చిన లెక్కకు సరైన జవాబు 0.143. చాలామందికి 0.25 వచ్చింది, కొందరికి 0.857 వచ్చింది. సరైన జవాబు తెచ్చుకున్నవారిలో కూడా కొందరు ఆ హద్దును తమ మోడల్ మీద పెట్టి చూసి, దరఖాస్తులన్నీ దాదాపుగా తిరస్కరణకే వెళ్తున్నాయని రాశారు. అందుచేత ఈసారి మొదలుపెడదామనుకున్న కొత్త విషయాన్ని వాయిదా వేసి, ఈ రెండు తప్పు జవాబులూ, ఆ ఫిర్యాదూ ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం.

లెక్క ఇది. రుణం అసలు 100 అనుకున్నాం. చివరిదాకా సక్రమంగా చెల్లించే వ్యక్తి వల్ల, నిధుల ఖర్చూ నిర్వహణ ఖర్చూ పోగా, సంస్థకు మిగిలేది 10. డిఫాల్ట్ అయ్యే వ్యక్తి విషయంలో సగటున 80 బాకీ ఉండగా వాయిదాలు ఆగిపోతాయి, వసూలు ప్రయత్నాలు చేసి వాటి ఖర్చులు తీసేశాక అందులో 20 తిరిగి వస్తుంది, కాబట్టి పోయేది 60. అప్పటిదాకా వచ్చిన వడ్డీ నిధుల ఖర్చుకు సరిపోయిందని అనుకున్నాం. నష్టం 100 అని రాసినవారు గమనించవలసినది ఇదే: డిఫాల్ట్ అంటే అసలు మొత్తం పోవడం కాదు.

0.857 సంగతి త్వరగా తేల్చుకోవచ్చు. మన పాఠాలలో 1 అంటే డిఫాల్ట్. మోడల్ చెప్పే p డిఫాల్ట్ సంభావ్యత. అందువల్ల ఫాల్స్ పాజిటివ్ అంటే చెల్లించగల మనిషిని తిరస్కరించడం, ఫాల్స్ నెగటివ్ అంటే డిఫాల్ట్ కాబోయే మనిషికి మంజూరు చేయడం. మంజూరునే పాజిటివ్‌గా తీసుకున్నవారికి రెండు ఖర్చులూ తారుమారయ్యాయి. వారి హద్దు ప్రకారం నూటికి ఎనభై అయిదుగురు ఎగ్గొట్టే గుంపుకు కూడా అప్పు ఇవ్వాలి. అలాంటి జవాబు వస్తే సూత్రాన్ని కాక లేబుళ్లను ముందుగా అనుమానించాలి.

సూత్రం ఎలా వచ్చిందో ఒక్కసారి చూసి ముందుకు వెళ్దాం. తిరస్కరిస్తే పడే సగటు ఖర్చు (1−p) × 10, మంజూరు చేస్తే పడే సగటు ఖర్చు p × 60. ఈ రెండూ సమానమయ్యే చోటే హద్దు.

```python
t = C_fp / (C_fp + C_fn)   # 10 / (10 + 60) = 0.143
```

p ఈ విలువకన్నా తక్కువైతే మంజూరు, ఎక్కువైతే తిరస్కరణ. నేను మాత్రం ఈ దశాంశాన్ని గుర్తుంచుకోను, నిష్పత్తినే గుర్తుంచుకుంటాను. ఒక డిఫాల్ట్ తెచ్చే 60ని పూడ్చడానికి తలా 10 ఇచ్చే ఆరుగురు సక్రమ చెల్లింపుదారులు కావాలి. ఏడుగురిలో ఒకరు డిఫాల్ట్ అయ్యే గుంపు దగ్గర లాభనష్టాలు సరిసమానం. కాగితం లేకుండానే చేయగల ఈ లెక్క, సూత్రం తప్పుగా వాడినప్పుడు వెంటనే పట్టిస్తుంది.

ఇక 0.25 దగ్గరికి వద్దాం. ఇది నన్ను విసిగించే పొరపాటు, ఎందుకంటే దీని వెనకున్న లాభనష్టాల పట్టిక చూడటానికి సరైన పట్టికకన్నా జాగ్రత్తగా వేసినట్లు కనిపిస్తుంది. ఇలా రాసినవారందరి పట్టికా దాదాపు ఒకటే. మంచి చెల్లింపుదారుకు మంజూరు చేస్తే +10, ఎందుకంటే అది లాభం. అతన్ని తిరస్కరిస్తే −10, ఎందుకంటే ఆ లాభం చేజారింది. డిఫాల్ట్ అయ్యేవారికి మంజూరు చేస్తే −60. వారిని తిరస్కరిస్తే 0. ఒక్కో గడిని విడిగా చూస్తే ప్రతిదానికీ ఒక సమర్థన దొరుకుతుంది. అయినా నాలుగు గడులనూ కలిపి చూసినప్పుడు అదే 10 ఒకచోట వచ్చినట్లుగా, మరొకచోట పోయినట్లుగా రెండుసార్లు లెక్కలోకి ఎక్కింది. మంచి మనిషి విషయంలో రెండు నిర్ణయాల మధ్య తేడా 20 అయి కూర్చుంది. డిఫాల్ట్ విషయంలో తేడా మాత్రం 60గానే ఉంది. అందువల్ల హద్దు 20ని 80తో భాగించిన 0.25కు జరిగింది.

దీని ఫలితం ఎలా ఉంటుందో p = 0.2 ఉన్న ఒక దరఖాస్తుదారు దగ్గర చూద్దాం. ఈ వ్యక్తికి మంజూరు చేస్తే సగటున చేతికి వచ్చేది 0.8 × 10, అంటే 8, పోయేది 0.2 × 60, అంటే 12. నికరంగా 4 నష్టం. తిరస్కరిస్తే రావడమూ లేదు, పోవడమూ లేదు. కాబట్టి తిరస్కరించాలి. పై పట్టిక ఏమంటుందంటే, మంజూరు చేస్తే −4, తిరస్కరిస్తే 0.8 × (−10), అంటే −8, కాబట్టి మంజూరే మేలు. ఆ −8 ఏ ఖాతాలోనుంచీ పోలేదు, ఎవరి జేబులోనూ పడలేదు. లేని నష్టానికి భయపడి ఉన్న నష్టాన్ని నెత్తిన వేసుకున్నట్లయింది. 0.143కు, 0.25కు మధ్య ఉన్న ప్రతి దరఖాస్తు మీదా ఇదే జరుగుతుంది.

దీన్ని తప్పించుకోవడానికి ముందుగా ఒక ఆధార స్థితిని ఎంచుకోవాలి, నాలుగు గడులనూ దానితోనే పోల్చి నింపాలి. ‘అప్పు ఇవ్వకపోతే సంస్థ స్థితి’ని ఆధారంగా తీసుకుంటే తిరస్కరణ గడులు రెండూ 0, మంజూరు గడులు +10, −60. ‘భవిష్యత్తు ముందే తెలిసినవాడు తీసుకునే నిర్ణయం’ ఆధారమైతే సరైన నిర్ణయాలు రెండూ 0, తప్పులు −10, −60. రెండు దారుల్లోనూ హద్దు 0.143 గానే వస్తుంది, ఎందుకంటే నిర్ణయాన్ని మార్చేది గడుల విలువ కాదు, ఒకే రకం మనిషి విషయంలో రెండు నిర్ణయాలకూ మధ్య ఉన్న తేడా. ఒకే రకం మనిషికి చెందిన రెండు గడులకూ ఒకే సంఖ్యను కలిపినా, తీసేసినా ఏమీ మారదు. రెండు ఆధారాలను కలగలిపినప్పుడే పట్టిక చెడుతుంది. చార్ల్స్ ఎల్కన్ 2001లో ఖర్చుల ఆధారంగా నేర్చుకోవడంపై రాసిన పరిశోధనా పత్రంలో ఈ ఉచ్చును ప్రత్యేకంగా ఎత్తి చూపారు. నాకు మొదటి ఆధారమే ఇష్టం, ఎందుకంటే అందులోని ప్రతి సంఖ్యనూ లెక్కల పుస్తకంలో వెతికి చూపించవచ్చు.

‘డిఫాల్ట్ అయ్యేవారిని తిరస్కరించినందుకు 60 మిగిలింది కదా, దాన్ని +60 అని రాయకూడదా’ అని ఒకరు అడిగారు. అన్ని గడులలోనూ ఇలా రాస్తే తేడాలు 20, 120 అవుతాయి, నిష్పత్తి మారదు, హద్దు 0.143 దగ్గరే నిలుస్తుంది. హద్దు సరిగానే వచ్చింది కాబట్టి పట్టిక కూడా సరైనదేనని నమ్మి, ఆ పట్టికతోనే ‘మోడల్ ఇంత మిగిల్చింది’ అని నివేదిక రాస్తే మాత్రం ఆ మొత్తం ఉత్తుత్తిదే.

ఏ పట్టిక వాడినా చివర ఈ పరీక్ష చేయండి. మీకు వచ్చిన హద్దు దగ్గర సరిగ్గా నిలబడిన దరఖాస్తుదారుకు మంజూరు చేస్తే సగటున నగదు ఎంత వస్తుందో లెక్కించండి. అది సున్నా కావాలి. 0.25 దగ్గర 0.75 × 10 లోనుంచి 0.25 × 60 తీసేస్తే −7.5 వస్తుంది, అంటే హద్దు తప్పు. అయితే సున్నా రావాలన్న నియమం నిధులకు కొరత లేనప్పుడే వర్తిస్తుంది. ఇవ్వగలిగిన మొత్తం పరిమితమై, ఒకరికి ఇస్తే మరొకరికి ఇవ్వలేని స్థితిలో తిరస్కరణ విలువ సున్నా కాదు, తర్వాతి వరుసలో ఉన్న మనిషి తెచ్చే లాభం. అప్పుడు హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

మూడవ ఫిర్యాదు హద్దుకు సంబంధించినది కాదు, స్కోరుకు సంబంధించినది. దాదాపు అందరినీ తిరస్కరిస్తున్నదని రాసినవారు పంపిన కోడ్‌లో `class_weight='balanced'` కనిపించింది. డిఫాల్ట్‌లు తక్కువగా ఉన్నాయని రెండు వర్గాలకూ సమాన బరువు ఇస్తే, మోడల్ తనకు ఎదురయ్యేవారిలో సగం మంది ఎగ్గొడతారని నమ్ముతుంది. అది చెప్పే 0.6 నిజమైన సంభావ్యత కాదు. అసలు జనాభాలో డిఫాల్ట్ రేటు 10 శాతమైతే ఆ స్కోరును ఇలా దిద్దాలి:

```python
def correct(s, train, real):
    k = (real / (1 - real)) / (train / (1 - train))
    o = k * s / (1 - s)
    return o / (1 + o)

correct(0.6, 0.5, 0.1)   # 0.143
```

అంటే దిద్దని స్కోరు మీద హద్దు 0.6 దగ్గర ఉండాలి. దిద్దకుండా 0.143 పెట్టినవారు నిజానికి 1.8 శాతం దగ్గర గీత గీశారు. పదిమందిలో ఒకరు డిఫాల్ట్ అయ్యే జనాభాలో ఆ గీతకు దిగువన నిలిచి మంజూరుకు నోచుకునేవారు బహు కొద్దిమంది. నేనైతే ఈ పనికి సమాన బరువులు అసలు వాడను: సంభావ్యతను ఉన్నది ఉన్నట్లు నేర్పించి, ఖర్చుల సంగతి హద్దుకు వదిలేయడమే శుభ్రమైన పని. బరువుల్లోనూ హద్దులోనూ రెండుచోట్లా ఖర్చును పెడితే మళ్లీ రెండుసార్లు లెక్కించినట్లే.

దిద్దిన తర్వాత కూడా స్కోరును నమ్మేయకుండా, శిక్షణలో వాడని డేటాలో 0.12 నుంచి 0.17 వరకు స్కోరు వచ్చినవారిని ఒకచోట చేర్చి, వారిలో ఎంతమంది నిజంగా డిఫాల్ట్ అయ్యారో చూడండి. నూటికి పద్నాలుగుగురికి దగ్గరగా లేకపోతే కాలిబ్రేషన్ చేయాలి. హద్దుకు దూరంగా ఉన్న స్కోర్లు కాస్త అటూఇటూ అయినా నిర్ణయం మారదు, కాబట్టి ఈ కొద్ది పరిధిలోనే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఇక్కడొక పరిమితి ఉంది. గతంలో తిరస్కరించినవారు తిరిగి చెల్లించేవారో కాదో డేటాలో ఉండదు, కాబట్టి పాత హద్దుకు అవతలివైపు ఈ తనిఖీ చేయడానికి ఆధారమే దొరకదు. దాని గురించి తర్వాతి పాఠంలో చూద్దాం.

అభ్యాసానికి జర్మన్ క్రెడిట్ డేటా తీసుకోండి. అందులో 1,000 మంది ఉన్నారు, 700 మంది మంచివారు, 300 మంది చెడ్డవారు. లేబుల్ 1 మంచి, 2 చెడు, కాబట్టి మొదట దాన్ని మన పద్ధతికి తిప్పుకోండి. డేటాతో పాటు ఇచ్చిన ఖర్చులలో చెడ్డవారిని మంచివారనుకుంటే 5, మంచివారిని చెడ్డవారనుకుంటే 1. అందరికీ మంజూరు చేస్తే ఖర్చు 1,500, అందరినీ తిరస్కరిస్తే 700. మీ మోడల్ ఖర్చు 700కన్నా తగ్గకపోతే అది పనికిరాదు. బరువులు లేని లాజిస్టిక్ రిగ్రెషన్‌తో, పది మడతల క్రాస్ వాలిడేషన్‌లో, 0.5 దగ్గరా 1/6 దగ్గరా మొత్తం ఖర్చును పోల్చండి. ఆ తర్వాత నిజమైన డిఫాల్ట్ రేటు 30 శాతం కాదు, 5 శాతమని అనుకుని, దిద్దని స్కోరు మీద హద్దు ఎక్కడికి జరుగుతుందో చేత్తో లెక్కించండి. 0.62 దగ్గరకు రావాలి. 0.02 లాంటిది వస్తే k తలకిందులైంది.