బ్యాలెన్స్ అడిగే మెసేజ్ గొడవలా ఉందా, బతిమాలినట్టు ఉందా? సరిచేసే పద్ధతి

విశాఖ ఆటోనగర్‌లో చిన్న షాపు నడిపేవాళ్లకు పని చేయడం కన్నా పని అయ్యాక డబ్బు అడగడం కష్టం. ఒక ఉదాహరణ తీసుకుందాం. రుషికొండ దగ్గర ఒక గెస్ట్‌హౌస్ బాల్కనీలకు స్టీల్ రెయిలింగ్ చేశారు. సముద్రం పక్కన ఉప్పుగాలికి 304 గ్రేడ్ మచ్చలు పడుతుందని 316 వాడారు. బిల్లు 1,12,000. అడ్వాన్స్ 50,000 పోగా 62,000 రావాలి. జూన్ 6న ఫిట్టింగ్ అయింది, మిగతాది 15 రోజుల్లో ఇస్తామని గెస్ట్‌హౌస్ వాళ్లు అన్నారు. జూలై 5 వచ్చినా డబ్బు జమ కాలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో ఏం రాయాలి?

లక్షణం: మెసేజ్ పంపగానే అవతలివాళ్లు వాదనకు దిగుతారు

"మేమేమైనా పారిపోతామా?" లాంటి జవాబు వచ్చిందంటే డబ్బు సంగతి పక్కకుపోయి మర్యాద సంగతి మొదలైందని అర్థం. అలాంటి మెసేజ్ సాధారణంగా ఇలా ఉంటుంది:

> మీరు ఇంకా బాకీ కట్టలేదు. ఎన్నిసార్లు చెప్పాలి? పని అయ్యాక ఫోన్ కూడా ఎత్తడం లేదు. ఈరోజు సాయంత్రంలోగా వేయండి.

కారణం: చాలామంది తప్పు "వేయండి"లో ఉందనుకుంటారు. అది మామూలు మర్యాద మాటే. అసలు మంట పై మూడు వాక్యాల్లో ఉంది. మూడూ మనిషి గురించే, బిల్లు గురించి కాదు. "ఎన్నిసార్లు చెప్పాలి?" అనేది జవాబు లేని ప్రశ్న, చదివినవాళ్లు తమను తాము వెనకేసుకు రావడం తప్ప దానికి చేయగలిగింది లేదు. "బాకీ" అన్న మాట ఎదుటివారిని అప్పులవాళ్లను చేసి నిలబెడుతుంది. కౌంటర్ దగ్గర ఎదురెదురుగా ఉన్నప్పుడు "ఏటండీ, ఇంకా వెయ్యలేదు?" అని నవ్వుతూ అడిగితే ఎవరూ నొచ్చుకోరు. అదే మాట ఫోన్ స్క్రీన్ మీద చదివితే నవ్వు కనబడదు.

సవరణ: వాక్యంలో "మీరు" ఉన్నచోట బిల్లునో డబ్బునో పెట్టండి. "మీరు కట్టలేదు" అనేది "మాకు ఇంకా జమ కాలేదు" అవుతుంది. విషయం ఒక్కటే, కానీ వేలు చూపించడం పోతుంది. జవాబు లేని ప్రశ్నలు తీసేయండి. ఫోన్ ఎత్తని సంగతి రాయకండి. ఎత్తలేదని వాళ్లకూ తెలుసు.

లక్షణం: "అలాగే, చూద్దాం" అంటారు, తర్వాత ఏమీ జరగదు

ఇది మొదటిదానికన్నా మొండి జబ్బు, ఎందుకంటే పంపినవాళ్లకు తమ మెసేజ్ బాగానే ఉందనిపిస్తుంది. అవతలివాళ్లు కోప్పడలేదు కదా అనుకుంటారు.

> నమస్తే సార్. బిజీగా ఉన్నారేమో, డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ సార్. ఏమనుకోకండి, రెయిలింగ్ బిల్లు కొంచెం బ్యాలెన్స్ ఉంది సార్. మీకు వీలున్నప్పుడు కాస్త చూడండి సార్. మళ్లీ అడుగుతున్నందుకు క్షమించండి సార్.

కారణం: ఇందులో క్షమాపణలు ఎక్కువయ్యాయన్నది పైకి కనిపించేదే. అంతకన్నా నష్టం చేసేవి మూడు చిన్న మాటలు. "కొంచెం" అసలు మొత్తాన్ని దాచేసింది. 62 వేలు కొంచెం ఎలా అవుతుంది? "వీలున్నప్పుడు" గడువును ఎదుటివారి చేతికి ఇచ్చేసింది, వీలు ఎప్పుడూ రేపే ఉంటుంది. "చూడండి" అంటే ఏం చేయాలో చెప్పలేదు. బిల్లు చూడాలా, డబ్బు వేయాలా? చదివినవాళ్లు నిజంగానే చూసి ఊరుకుంటారు. ఇక తప్పేమీ లేకుండా సారీ చెబితే, అడగడమే ఏదో తప్పు పని అని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

సవరణ: "కొంచెం" ఉన్నచోట అంకె, "వీలున్నప్పుడు" ఉన్నచోట తేదీ, "చూడండి" ఉన్నచోట అసలు పని రాయండి. "సార్" మొదట ఒకటి, అవసరమైతే చివర ఒకటి చాలు. "ఏమనుకోకండి" పూర్తిగా తీసేయండి. ఆ మాట చదివితేనే ఏదో అనుకోవాలన్న ఆలోచన వస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. మీ వైపు నిజంగా లోపం జరిగితే క్షమాపణ ఉంచండి. ఫిట్టింగ్ రెండు రోజులు ఆలస్యమైతే "ఫిట్టింగ్ రెండు రోజులు ఆలస్యమైంది, అందుకు క్షమించండి" అని ఒక్కసారి, ఆ పని పేరుతోనే చెప్పండి. డబ్బు అడిగే వాక్యంతో మాత్రం దాన్ని కలపకండి.

రెండూ సరిచేశాక

> నమస్తే సార్. ఆటోనగర్ రెయిలింగ్ షాపు నుంచి. గెస్ట్‌హౌస్ రెయిలింగ్ బిల్లులో అడ్వాన్స్ పోగా 62,000 రావాలి. జూన్ 6న ఫిట్టింగ్ అయింది, 15 రోజుల్లో చెల్లింపు అని అనుకున్నాం. జూలై 10 లోగా మా ఖాతాలో వేయించగలరు. బిల్లులో ఏదైనా తేడా ఉంటే చెప్పండి, ఈరోజే సరిచేసి పంపుతాను.

చివరి వాక్యం మర్యాద కోసం మాత్రమే కాదు. డబ్బు ఆగడానికి నిజమైన కారణం ఏదైనా ఉంటే, జీఎస్టీ నంబరు తప్పు పడటమో, ఒక రాడ్ వెల్డింగ్ నచ్చకపోవడమో, అది ఇక్కడే బయటపడుతుంది. "వేయించగలరు" ఆఫీసు మనుషులకు సరిపోతుంది. రోజూ మాట్లాడే పార్టీకి అది సర్కారు నోటీసులా వినిపిస్తుంది, వాళ్లకు "వేయించండి" అనండి. వయసులో పెద్దవారు, ఊరి పరిచయస్తులు అయితే "బాబాయ్ గారూ" అని మొదలుపెట్టినా అంకె, తేదీ మాత్రం మారకూడదు. బంధుత్వం ముందు అంకె మింగేయడం మన దగ్గర పెద్ద అలవాటు.

లక్షణం: సరిచేసిన మెసేజ్‌కీ కదలిక లేదు

ఒక్కోసారి సవరణే ఎక్కువైపోతుంది. "చెల్లింపు జరగాల్సి ఉంది" అని రాస్తే ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ చేయరు కూడా, ఎందుకంటే ఎవరు చేయాలో అందులో లేదు. ఫలానా పని చేయమని అడిగే వాక్యం ఒకటైనా ఉందో లేదో చూసుకోండి.

అది ఉండి కూడా జూలై 10 దాటితే, తర్వాతి మెసేజ్‌కు గట్టిదనం నిజం నుంచి రావాలి, గొంతు నుంచి కాదు. షాపుకు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం పనికొస్తుంది. సరుకు అంగీకరించాక ఒప్పుకున్న తేదీలోగా కొనుగోలుదారు డబ్బు ఇవ్వాలి, ఒప్పందంలో ఎంత రాసుకున్నా ఆ గడువు 45 రోజులు మించకూడదు. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. సరఫరాతోపాటు నిర్మాణ పనీ కలిసిన కాంట్రాక్టులకు ఇది వర్తిస్తుందా అనేది కోర్టుల్లో నలిగిన విషయం, కాబట్టి లాయర్‌ను అడగకుండా దీన్ని బెదిరింపుగా వాడకండి. మొదటి మెసేజ్‌లో అసలే వద్దు. రెండోదాంట్లో "మాది ఉద్యమ్‌లో నమోదైన సంస్థ, చెల్లింపు గడువు జూన్ 21తో ముగిసింది" అని విశేషణాలు లేకుండా ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

అయినా "వచ్చే వారం చూద్దాం" అనే జవాబు వస్తే మళ్లీ పొడవాటి మెసేజ్ రాయకండి. "వచ్చే వారంలో ఏ రోజు అనుకోమంటారు సార్?" అని అడగండి. రోజు చెప్పగానే ఆ తేదీ వేసి "సరే సార్, 17న ఉదయం ఖాతా చూసుకుంటాను" అని జవాబిచ్చి, ఆ ఉదయం నిజంగానే ఖాతా చూసుకుని, లేకపోతే ఫోన్ చేయండి.