ఫోన్‌లో కుదిరిన మాటను మెయిల్‌లో పెట్టే ముందు

పలాస నుంచి జీడిపప్పు పంపే బేరం ఫోన్‌లో కుదిరిందా? మెయిల్ ఆ రోజే వెళ్లాలి. పంపే ముందు ఇవి చూసుకోండి.

- సరుకు: "మంచి రకం, యాభై డబ్బాలు" చాలదు. "డబ్ల్యూ 320 రకం, 10 కిలోల డబ్బాలు 50" అని రాయండి. ధరలో జీఎస్టీ, లారీ కిరాయి కలిశాయా? నేను చూసిన గొడవలన్నీ ఇక్కడే మొదలయ్యాయి.
- బాధ్యత: "లారీ మనం చూద్దాం" అంటే ఎవరూ చూడరు. ఒక్కరి పేరే రాయండి.
- గడువు: "వచ్చే శుక్రవారం" కాదు, తేదీ, గంట. అది లోడింగుకా, సరుకు చేరడానికా?
- ఫోన్‌లో తేలనిది "ఇంకా తేలాలి" అని విడిగా పెట్టండి. కొత్త షరతు చేర్చకండి.
- చివర్లో "సరేనని జవాబివ్వండి" అని అడగండి. మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి; జవాబు రాకపోతే లోడింగుకు ముందే ఫోన్ చేయండి.