జనవరిలో బెజవాడ పుస్తకాల పండక్కి టేబుల్ పెడుతున్నారా, రాత్రి లెక్క తేలాలంటే పొద్దున్నే చేసుకోవాల్సినవి

సొంత పుస్తకాలు వేసుకుని అమ్ముకునేవాళ్ళ కోసం రాస్తున్నా, పెద్ద పబ్లిషర్లకి మనుషులుంటారు కాబట్టి వాళ్ళ గొడవ వేరు. మనకి సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఊపిరాడదు, ఆ మూడు గంటల్లోనే డబ్బులు పోయేది కూడా.

ముందు చిల్లర సంగతి. ఫెయిర్‌లో పది శాతం తగ్గింపు అందరూ అడుగుతారు, నూట యాభై పుస్తకానికి పది శాతం తీస్తే నూట ముప్పై ఐదు, అరవైదానికి యాభై నాలుగు, ఇక ఆ ఐదులు, రూపాయలు ఎక్కణ్ణుంచి తెస్తాం. అందుకే నేను ఇంట్లోనే ఫెయిర్ రేటు పదుల్లోకి దించేసి అట్ట మీద రాసి పెట్టేస్తా: నవల 180, కథలు 130, కవిత్వం 90, పిల్లల పుస్తకం 50. నాలుగైదు రూపాయలు పోతాయి గానీ అవతల క్యూ ఆగదు. గల్లాలో 2000 వేసుకుని మొదలుపెడతా, పది రూపాయల నోట్లు 60, ఇరవైలు 30, యాభైలు 8, వందలు 4. పదుల నోట్లు మాత్రం రెండు మూడు రోజుల ముందే బ్యాంకులోనో తెలిసిన కిరాణా కొట్టులోనో అడిగి పెట్టుకోండి, ఆ రోజు పొద్దున అడిగితే ఎవరూ ఇవ్వరు. పది రూపాయల బిళ్ళలు చెల్లుతాయి, కానీ మనవైపు తీసుకోవడానికి ఇంకా మొహం చిట్లిస్తారు, ఎందుకొచ్చిన వాదన, నోట్లే ఉంచుకోండి.

ఇప్పుడు లెక్క. నోట్‌బుక్‌లో ఒక్కో పుస్తకానికి ఒక వరస, అందులో నాలుగు గళ్ళు: పొద్దున ఎన్ని, క్యాష్, ఫోన్, ఊరికే ఇచ్చినవి. అమ్మగానే ఒక గీత, అంతే. బిల్లులు రాసే టైమ్ ఉండదు. ఒకాయన రెండు పుస్తకాలు కలిపి 310 ఫోన్‌లో కొడితే గీతలు ఏ వరసలో ఆ వరసలో పెట్టి, కింద మార్జిన్లో 310 అని రాసుకోండి, లేకపోతే రాత్రి ఆ 310 ఏంటో అర్థం కాక జుట్టు పీక్కోవాలి.

ఒక ఆదివారం నాకేం జరిగిందో చెప్తా. రాత్రి కట్టలు లెక్కపెడితే నవల 40కి 26, కథలు 50కి 33, కవిత్వం 30కి 22, పిల్లలవి 60కి 35 మిగిలాయి. నవల ఒకటి, కవిత్వం ఒకటి ఊరికే ఇచ్చా, అవి తీసేస్తే అమ్మినవి 13, 17, 7, 25, మొత్తం 6430 రావాలి. గల్లాలో 4670 ఉంది, పొద్దున వేసిన 2000 తీస్తే 2670. ఫోన్‌లో పడింది 3580. రెండూ కలిపితే 6250, అంటే 180 తక్కువ. 180 అనగానే నవల అని తెలిసిపోయింది, ఎవడో లేపేశాడు అనుకున్నా. కానీ నవల వరసలో గీతలు సరిగ్గా 13 ఉన్నాయి, దొంగతనమైతే 12 ఉండాలి కదా. క్యాష్ గళ్ళు కూడితే సరిగ్గా 2670 వచ్చింది, ఫోన్ గళ్ళు కూడితే 3760. అంటే తేడా ఫోన్ దగ్గరే.

తర్వాత గుర్తొచ్చింది, ఏడింటప్పుడు ఇద్దరు ఒకేసారి నవల తీసుకుని స్కాన్ చేశారు, స్పీకర్ డబ్బా ఒక్కసారే "నూట ఎనభై రూపాయలు" అంది, ఇద్దరూ "పడిందండి" అన్నారు, నేను ఇద్దరికీ కవర్లో పెట్టి ఇచ్చేశా. రెండోది ఆ జనంలో సిగ్నల్ లేక ఆగిపోయినట్టుంది, ఆయన మోసం చేశాడని నేననుకోను.

అప్పట్నుంచి డబ్బా అరుపుని నమ్మను, కస్టమర్ చూపించే స్క్రీన్‌ని అసలే నమ్మను, పేరడిగి నా ఫోన్‌లో ఆ పేరు, అమౌంట్ కనపడ్డాకే పుస్తకం చేతికిస్తా. నా ఫోన్‌కి సిగ్నల్ లేకపోతే "ఒక్క నిమిషం ఆగండి, లేదంటే క్యాష్ ఇవ్వండి" అని మొహమాటం లేకుండా అంటా. పొద్దున టేబుల్ సర్దగానే పక్క స్టాల్ వాళ్ళ ఫోన్‌తో నా క్యూఆర్‌కి ఒక రూపాయి కొట్టించి వచ్చే పేరు నాదేనా చూసుకుంటా, రాత్రి ఎవరైనా దాని మీద వేరే స్టిక్కర్ అంటించినా అక్కడే దొరుకుతుంది. "మీకు డబ్బులు రావాలంటే పిన్ కొట్టండి" అని ఎవరన్నా అంటే మాత్రం కొట్టకండి, పిన్ డబ్బులు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు.

ఇంకోటి, టీకి గల్లాలోంచి తియ్యకండి, జేబులోంచి తాగండి. ఫ్రెండ్ పుస్తకాలు పెట్టుకుంటే వాళ్ళకి వేరే పేజీ, వేరే కట్ట. విప్పని కట్టల మీద ఎన్ని ఉన్నాయో స్కెచ్ పెన్‌తో రాసుంచండి, రాత్రి పదింటికి కాళ్ళు లాగుతుంటే మళ్ళీ విప్పి లెక్కపెట్టే ఓపిక ఉండదు.