చిన్న సంస్థలో పార్ట్‌టైం కాంట్రాక్టుకు అకౌంటెంట్ కవర్ లెటర్ ఎలా రాయాలి?

ఒక పేజీ చాలు. పైన పేరు, ఫోన్ నంబరు, తేదీ పెట్టి, యజమాని పేరుతో "గారికి" అని మొదలుపెట్టండి. ఎన్నేళ్లుగా ఏ వ్యాపారాల లెక్కలు చూస్తున్నారో రెండు వాక్యాల్లో చెప్పండి. పాత క్లయింట్ల పేర్లు, టర్నోవర్లు అసలు రాయొద్దు. వాళ్ల లెక్కలు బయట చెప్పినవాడు రేపు మనవీ చెబుతాడని యజమాని అనుకుంటాడు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఏ రోజుల్లో వస్తారో చెప్పే పేరా దగ్గర. చాలామంది "ప్రతి శనివారం వస్తాను" అనో "మీ వీలును బట్టి వస్తాను" అనో రాసేస్తారు. రెండూ తప్పే, ఎందుకంటే మన పని వారాన్ని బట్టి కాదు, తేదీని బట్టి నడుస్తుంది.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు యూనిట్ ఒకటి ఉందనుకోండి. నెలనెలా రిటర్నులు వేస్తుంది. 1వ తేదీ సోమవారమైతే శనివారాలు 6, 13, 20, 27న వస్తాయి. జీఎస్టీఆర్-2బి తయారయ్యేది 14న, 3బి గడువు 20. అంటే 13న వెళితే 2బి ఉండదు, 20న వెళితే అదే ఆఖరి రోజు. డబ్బాలు సరఫరా చేసేవాడు తన రిటర్ను 11 దాటాక వేస్తే ఆ బిల్లు ఈ నెల 2బిలో కనపడదు. దాని క్రెడిట్ వచ్చే నెలకు పోతుంది, ఈ నెల అంత పన్నూ నగదుగా కట్టాలి. ఆ సంగతి 20న చెబితే యజమాని అప్పటికప్పుడు డబ్బు ఎక్కడ తెస్తాడు?

అందుకే ఇలా రాయండి:

"ప్రతి నెలా 6న టీడీఎస్, 10న జీఎస్టీఆర్-1, 15న 2బితో కొనుగోలు బిల్లుల సరిపోలిక, 18న 3బి పనికి మీ ఆఫీసుకు వస్తాను. ఆదివారమైతే మర్నాడు వస్తాను. కట్టాల్సిన పన్ను ఎంతో 15 సాయంత్రమే చెబుతాను. 18న ఓటీపీ చెప్పడానికి మీరు ఫోన్లో అందుబాటులో ఉండాలి. జూన్, జూలైల్లో కాయ దిగుతుంది, కాటా చీటీలు రోజూ పెరుగుతాయి కాబట్టి వారానికి రెండు రోజులు అదనంగా వస్తాను. దానికి ఫీజు వేరు."

సంస్థ మూడు నెలలకోసారి రిటర్ను వేసేదైతే తేదీలన్నీ మారతాయి. రాసే ముందు ఫోన్ చేసి అడగండి.

ఫీజు నెలకింత అని రాయండి, గంటకింత అని వద్దు. గంటలు లెక్కపెట్టే యజమాని బిల్లులు ఆలస్యంగా ఇచ్చి, మీరు ఖాళీగా కూర్చున్న సమయానికీ తగువు పెడతాడు. మీరు చార్టర్డ్ అకౌంటెంట్ కాకపోతే ఆడిట్ సంతకం మీ పనిలో లేదని అక్కడే స్పష్టంగా చెప్పండి.

కాంట్రాక్టు ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉండాలని అడగండి. ఆపేయాలనుకుంటే ఇరువైపులా రెండు నెలల ముందు చెప్పాలని, వెళ్లేటప్పుడు టాలీ బ్యాకప్ యజమానికి అప్పగిస్తానని చివరి వాక్యంలో రాసి సంతకం పెట్టండి.