క్యాష్‌లెస్ అయ్యాక మిగిలిపోయిన బిల్లులు: ఎందుకు ఆగుతాయి, ఎలా రాబట్టుకోవాలి

ఆరోగ్య సంజీవని అనే ఆరోగ్య బీమా పాలసీనే తీసుకుందాం. ఏ కంపెనీ దగ్గర కొన్నా నిబంధనలు ఒకటే. అడ్మిషన్‌కు ముందు 30 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల ఖర్చులు ఇందులో వస్తాయి. వేరే పాలసీల్లో గడువులు వేరుగా ఉంటాయి కాబట్టి మీ పాలసీ కాగితం చూసుకోండి.

గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ అనుకోండి. జూన్ 20న చేరారు, 23న ఇంటికొచ్చారు. అంటే మే 21 నుంచి జూన్ 19 వరకు, మళ్లీ జూన్ 24 నుంచి ఆగస్టు 22 వరకు పెట్టిన ఖర్చులు లెక్కలోకి వస్తాయి.

సమస్య: క్యాష్‌లెస్ అయ్యింది కానీ స్కాన్, మందుల డబ్బులు రాలేదు

కారణం: క్యాష్‌లెస్‌లో ఆస్పత్రి నేరుగా బీమా కంపెనీకి పంపేది ఆస్పత్రిలో ఉన్న రోజుల బిల్లే. మిగతావి మీరు విడిగా రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవాలి.

పరిష్కారం: క్లెయిమ్ ఫారంలో ఆ క్యాష్‌లెస్ క్లెయిమ్ నంబరు రాసి, డిశ్చార్జ్ సమ్మరీ కాపీ, ఒరిజినల్ బిల్లులు, డాక్టర్ చీటీలు, రిపోర్టులు, బ్యాంకు వివరాలు జత చేయండి.

సమస్య: అన్నీ కలిపి ఒకేసారి పెడితే ఆలస్యమైందన్నారు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 60 రోజులూ అయ్యాక అన్నీ ఒకే కవర్లో పెడదామనుకుంటారు. కానీ ఈ పాలసీలో ముందు ఖర్చుల బిల్లులు డిశ్చార్జ్ అయిన 30 రోజుల్లోపు, అంటే మన ఉదాహరణలో జూలై 23లోపు ఇవ్వాలి. తర్వాతి ఖర్చులకు గడువు వేరు: ఆ చికిత్స పూర్తయినప్పటి నుంచి 15 రోజులు.

అందుకే రెండు కట్టలు చేయండి. స్కాన్, రక్త పరీక్షలు, ఆపరేషన్‌కు ముందు కన్సల్టేషన్లు మొదటి కట్ట. డిశ్చార్జ్ తర్వాతి మందులు, కుట్లు తీయించుకున్న ఫీజు, రివ్యూలు రెండో కట్ట. నెలనెలా పంపక్కర్లేదు, చికిత్స అయిపోగానే ఒకేసారి పంపితే చాలు. చికిత్స మొత్తం డిశ్చార్జ్ అయిన మూడు వారాల్లోనే ముగిస్తే మాత్రం రెండూ కలిపి ఒకే క్లెయిమ్‌గా పెట్టొచ్చు. ఇప్పటికే గడువు దాటిపోయిందా? ఆలస్యానికి అసలు కారణం రాసి, ఆధారం ఉంటే జతచేసి పంపండి, వదిలేయకండి.

సమస్య: కొన్ని బిల్లులకే డబ్బులిచ్చారు

మే 5న తీయించిన మొదటి స్కాన్ రాదు, అది 30 రోజుల బయట ఉంది. జూన్ 2న తీయించిన స్కాన్ వస్తుంది, డాక్టర్ రాసిన చీటీ ఉంటే. చీటీ లేకపోతే ఆ డాక్టర్ దగ్గరికెళ్లి డూప్లికేట్ అడగండి.

మరో కారణం జబ్బు వేరు కావడం. ఏ జబ్బుకు అడ్మిట్ అయ్యారో దానికి పెట్టిన ఖర్చే ఇస్తారు. ఎప్పటి నుంచో వాడుతున్న థైరాయిడ్ మాత్రలు అదే మెడికల్ షాపు బిల్లులో ఉంటే వాటి మొత్తం తీసేస్తారు. కొనేటప్పుడే వాటికి వేరే బిల్లు వేయమనండి, పేషెంట్ పేరు, తేదీ పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి. మిగిలిన మొత్తంలోనూ ఈ పాలసీలో 5 శాతం కో-పే కింద మీరే భరించాలి.

సమస్య: మొత్తం క్లెయిమ్‌నే తిరస్కరించారు

అసలు ఆస్పత్రి క్లెయిమ్ తిరస్కరణకు గురైతే ముందూ తర్వాతా బిల్లులు వాటంతటవి నిలబడవు. ముందు ఆ తిరస్కరణ మీద కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. ఈలోగా బిల్లుల కట్టలు మాత్రం గడువులోపే పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.