లండన్‌కి పంపిన సంక్రాంతి పార్సిల్: ట్రాకింగ్ ఆగిపోతే ఎన్నాళ్లు ఆగాలి?

డిసెంబర్‌లో యూకేలో చదువుకునే పిల్లలకు స్పీడ్ పోస్ట్‌లో అరిసెలు, కారప్పొడులు పంపే ఇళ్లు చాలా ఉంటాయి. క్రిస్మస్ రద్దీ కూడా అప్పుడే. ట్రాకింగ్ పేజీ పది రోజులు కదలకపోతే ఇక్కడ అమ్మకీ అక్కడ పిల్లలకీ టెన్షన్ మొదలవుతుంది.

ట్రాకింగ్ పేజీ చెప్పేది పార్సిల్ ఇప్పుడు ఎక్కడుందో కాదు, చివరిసారి ఎక్కడ స్కాన్ చేశారో. విదేశాలకు వెళ్లేవాటిని దేశం దాటించే తపాలా కేంద్రమైన ఎక్స్ఛేంజ్ ఆఫీసులో ఒక సంచిలో వేసి సీలు చేస్తారు. ఆ తర్వాత స్కాన్ అయ్యేది సంచి లేబులే. విమానంలో చోటు దొరక్క సంచి ఆగినా, లండన్‌లో దిగి విప్పకుండా పడి ఉన్నా మన పేజీ మారదు.

కాబట్టి ఏ మాట దగ్గర ఆగిందో చూడండి. మూడు రోజులైనా `Item Booked` మాత్రమే ఉంటే రసీదుతో బుక్ చేసిన పోస్టాఫీసుకే వెళ్లి అడగండి. పార్సిల్ అక్కడే ఉండిపోయి ఉండొచ్చు. `Item Dispatched` అని దేశం దాటే దగ్గర ఆగితే మాత్రం ఓపిక పట్టాలి. ఉదాహరణకు డిసెంబర్ 10న బుక్ చేశారు, 14న ఎక్స్ఛేంజ్ ఆఫీసు దాటింది, 24కీ మార్పు లేదు. అదే 13 అక్షరాల ట్రాకింగ్ నంబరును, యూకేలో ఈ పార్సిళ్లను అందించే పార్సెల్‌ఫోర్స్ సైట్‌లో వేయండి. అక్కడా ఏమీ లేకపోతే సంచి ఇంకా విప్పలేదనుకోవచ్చు.

యూకే చేరాక ఆగితే చాలాసార్లు కారణం కస్టమ్స్. బహుమతి విలువ 39 పౌండ్లు దాటితే పన్ను పడుతుంది, కట్టమని పిల్లల అడ్రస్‌కి ఉత్తరం వస్తుంది. గది మారిన పిల్లలకు అది అందదు. గడువు దాటితే పార్సిల్ వెనక్కి వస్తుంది. పాత గదిలో ఉత్తరం వచ్చిందేమో కనుక్కోమని చెప్పండి. మాంసం పచ్చళ్లు, పాలకోవా లాంటివి అసలు పెట్టకండి, అక్కడ తీసి పారేస్తారు.

దేశం దాటాక మూడు వారాలు రెండు సైట్లలోనూ కదలిక లేకపోతే ఫిర్యాదు పెట్టండి. పది రోజులకే పెడితే ‘దారిలో ఉంది’ అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. ఫిర్యాదు పంపినవాళ్లే పెట్టాలి. ఈఎంఎస్‌కి, అంటే విదేశీ స్పీడ్ పోస్ట్‌కి, ఫిర్యాదు గడువు బుక్ చేసిన మర్నాటి నుంచి నాలుగు నెలలు, కానీ అంతదాకా ఆగొద్దు. వెతికించి దొరకలేదని పోస్టాఫీసు రాతపూర్వకంగా చెప్పినప్పుడే పోయినట్టు లెక్క. పరిహారం అడగాల్సింది కూడా అప్పుడే.

ఇందుకు రసీదు, కస్టమ్స్ ఫారం కాపీ, వస్తువుల ఫోటో ముందే దాచుకోవాలి. పెట్టె లోపల కూడా రెండు అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు రాసిన కాగితం పెట్టండి. పై లేబుల్ చిరిగిపోతే ఎవరిదో తెలిసేది దాన్నిబట్టే.