బిల్లు మొత్తం సరిగ్గానే ఉంది, పన్ను వరుస తప్పింది: క్లయింటుకు ఉత్తరం ఎలా రాయాలి?

సమస్య

బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ ఉన్న మా క్లయింటు ఒకరు అత్తిబెలె దాటి హోసూరులో రెండో యూనిట్ పెట్టారు. ఆ యూనిట్ లెక్కలు రాసినందుకు బెంగళూరులోని మా ఆఫీసు నుంచి 28వ తేదీన బిల్లు పంపాం. తర్వాతి నెల 4న అక్కడ అకౌంట్స్ చూసే అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మీ బిల్లులో ఎస్‌జీఎస్టీ ఉంది. మాది తమిళనాడు కదా, ఎంట్రీ ఎలా వేయాలి?"

ఫీజు 60,000. దానిపై సీజీఎస్టీ 5,400, ఎస్‌జీఎస్టీ 5,400, మొత్తం 70,800. వేరే రాష్ట్రంలోని క్లయింటుకు వేయాల్సిన ఐజీఎస్టీ వేసినా 18 శాతమే, అంటే 10,800, మొత్తం అదే 70,800. అందుకే ఈ తప్పు మా కంట పడలేదు. కానీ కర్ణాటక ఖాతాకు వెళ్లే ఎస్‌జీఎస్టీని హోసూరు యూనిట్ క్రెడిట్‌గా వాడుకోలేదు. ఆ బిల్లును అలాగే అప్‌లోడ్ చేసి ఉంటే, వాళ్ల జీఎస్టీఆర్-2బీలో క్రెడిట్ అందుబాటులో లేని భాగంలో కనిపించేది. మా పొరపాటుకు వాళ్ల 10,800 ఆగిపోయేది.

కారణం

పాత బిల్లు తెరిచి పక్కనే పెట్టుకుని చూశాను. ఎక్సెల్‌లో బొమ్మసంద్ర బిల్లును కాపీ చేసి అడ్రసు, జీఎస్టీ నంబరు మార్చాం. ప్లేస్ ఆఫ్ సప్లై గడిలో మాత్రం 29-కర్ణాటక అలాగే ఉండిపోయింది. రెండు యూనిట్లకూ పాన్ ఒకటే కాబట్టి జీఎస్టీ నంబరు మధ్యలోని పది అక్షరాలూ ఒకటే. మొదటి రెండు అంకెలే తేడా చెబుతాయి: అక్కడ 29, ఇక్కడ 33. మేం ఇచ్చే లెక్కల సర్వీసుకు, రిజిస్ట్రేషన్ ఉన్న క్లయింటు ఏ రాష్ట్రంలో ఉంటే అదే ప్లేస్ ఆఫ్ సప్లై. పని బెంగళూరులో కూర్చుని చేసినా సరే.

పరిష్కారం

ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి: ఆ బిల్లు జీఎస్టీఆర్-1లో వెళ్లిందా, లేదా? నెలవారీ ఫైల్ చేసేవాళ్లకు గడువు 11వ తేదీ. మాకు తెలిసింది 4న కాబట్టి ఇంకా వెళ్లలేదు. పాత బిల్లు రద్దు చేసి, కొత్త నంబరుతో, ఆ రోజు తేదీతోనే ఇంకో బిల్లు వేశాం. పాత నంబరు మళ్లీ వాడలేదు. రిటర్నులోని 13వ పట్టికలో దాన్ని రద్దయిన వాటిలో చూపించాం. తేదీ వెనక్కి వేయడం నాకు ఇష్టం లేదు. పని పూర్తయి 30 రోజులు దాటలేదు కాబట్టి ఆ అవసరం కూడా రాలేదు.

ఇక ఉత్తరం. క్లయింటుకు చట్టం పాఠం అక్కర్లేదు. డబ్బు మళ్లీ కట్టాలా, పాత కాగితం ఏం చేయాలి అన్న టెన్షన్ తీరితే చాలు. అందుకే ఇలా రాశాను:

> నమస్కారం సార్,
>
> 28న మీ హోసూరు యూనిట్‌కు పంపిన 41వ నంబరు బిల్లులో మా వల్ల తప్పు జరిగింది, క్షమించండి. ఐజీఎస్టీ వేయాల్సింది సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేశాం. ఆ బిల్లు రద్దు చేశాం. సరిచేసిన 44వ నంబరు బిల్లు దీనితో జత చేశాను.
>
> మొత్తం మారలేదు, 70,800. ఫీజు మీద 6,000 టీడీఎస్ పోను మీరు 2న పంపిన 64,800 ఈ కొత్త బిల్లుకే జమ చేశాం. మీరు ఇంకేం కట్టక్కర్లేదు.
>
> 41వ నంబరు ఎంట్రీ వేసి ఉంటే తీసేసి, 44 వేయమని చెప్పండి. కొత్త బిల్లు ఈ నెల తేదీతో ఉంది కాబట్టి 10,800 క్రెడిట్ మీకు ఒక నెల ఆలస్యంగా కనిపిస్తుంది. ఈ నెల 20న పన్ను కట్టేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

చివరి పేరా రాయడానికి కాస్త వెనకాడాను, చెడు కబురు కదా. కానీ అది రాయకపోతే 20వ తేదీన జీఎస్టీఆర్-3బీ వేసేటప్పుడు క్రెడిట్ కనపడక వాళ్లు మళ్లీ ఫోన్ చేయాల్సి వచ్చేది.

రిటర్ను వెళ్లిపోయి, పన్ను కట్టేశాక తెలిస్తే

అప్పుడు పాత బిల్లును రద్దు చేసి ఊరుకుంటే కుదరదు. ఐజీఎస్టీ 10,800 ముందు మనమే కట్టాలి. తప్పు ఖాతాలో పడిన 10,800 రీఫండ్‌గా అడగాలి. ఐజీఎస్టీ కట్టిన తేదీ నుంచి రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. ఇలా ఖాతా మారినందుకు వడ్డీ పడదు. ఆ రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కునే డబ్బు మనది. దాని కోసం క్లయింటును రెండోసారి అడగకూడదు, ఆ మాట కూడా ఉత్తరంలో స్పష్టంగా రాయాలి.